మొహమాటంతో వచ్చే ‘సరే’: ఒక రిఫరెన్స్ కేసు

2025 జులై మొదటి వారంలో ఒకమ్మాయి నా ఎదురుగా కూర్చుని ఫోన్‌లో ఒక ఫారం చూపించింది. “ఈ రాత్రికి పంపేయాలి మేడమ్, ఒకసారి చూస్తారా?” అంది. కొత్త కంపెనీ హెచ్‌ఆర్ పంపిన ఫారం అది. రిఫరెన్స్ 1 దగ్గర పాత మేనేజర్ పేరు, ఫోన్ నంబర్, జీమెయిల్ అడ్రస్ అన్నీ నింపేసి ఉన్నాయి. “ఆయనకి చెప్పావా?” అని అడిగాను. “ఇప్పుడు మెసేజ్ పెడదామనుకుంటున్నా” అంది. ఆ మెసేజ్ కూడా రాసి పెట్టుకుంది.

“నమస్తే సర్, ఎలా ఉన్నారు? చాలా రోజులైంది. ఒక చిన్న హెల్ప్ సర్. కొత్త జాబ్‌కి మీ పేరు రిఫరెన్స్‌గా ఇచ్చాను. కాల్ వస్తే కాస్త బాగా చెప్పండి సర్. మీరు తప్ప నాకు ఎవరూ లేరు.”

నేను పన్నెండేళ్లు ఫార్మా కంపెనీల్లో రిక్రూట్‌మెంట్ పని చేశాను. ఆ రోజుల్లో రిఫరెన్స్ కాల్స్ చేసేది నేనే. ఇప్పుడు ఉద్యోగం మారేవాళ్లకు సలహాలిస్తున్నాను. ఈ కేసును ఆమె అనుమతితో, గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను. ఇంత వివరంగా రాయడానికి కారణం ఆ మెసేజే. అలాంటిది అందుకున్న మేనేజర్లు ఫోన్‌లో ఎలా మాట్లాడతారో అవతలి వైపు నుంచి ఎన్నోసార్లు విన్నాను.

ముందు ఆమె పరిస్థితి చెబుతాను. 2018 నుంచి 2021 వరకు జడ్చర్ల దగ్గర ఒక మాత్రల తయారీ యూనిట్‌లో ఐపీక్యూఏలో చేసింది. ఐపీక్యూఏ అంటే మందు తయారవుతున్నప్పుడే ఫ్లోర్ మీద ఉండి నాణ్యత చూసే టీమ్. ఆ తర్వాత హైదరాబాద్ శివార్లలో మరో కంపెనీలో చేరింది. ఇప్పుడు విశాఖ దగ్గర పరవాడలో అసిస్టెంట్ మేనేజర్ పోస్టుకు చివరి రౌండ్ అయింది. అక్కడ ఆఫర్ ఇచ్చే ముందే రిఫరెన్సులు చూస్తారు. ప్రస్తుత మేనేజర్‌ను అడగలేదు, ఎందుకంటే ఇంకా రిజైన్ చేయలేదు, నోటీసు పీరియడ్ 90 రోజులు. ఇక్కడ విషయం బయటపడి అక్కడ ఆఫర్ రాకపోతే రెంటికీ చెడ్డట్టే. అందుకే పాత మేనేజర్.

ఆ మెసేజ్‌లో మర్యాదకు లోటు లేదు, కానీ అందులో అడగడమే లేదు. పేరు ఇచ్చేశానని చెప్పడమే ఉంది. ఆయనకిక మిగిలినవి రెండే దారులు. ఒకటి ఊరుకోవడం, రెండోది ఇచ్చేసిన పేరును వెనక్కి తీసుకోమనడం. నాలుగేళ్ల తర్వాత ఒక పాత టీమ్ మెంబర్ “మీరు తప్ప ఎవరూ లేరు” అంటుంటే రెండోది ఎవరనగలరు? “సరేనమ్మా, ఇచ్చెయ్” అంటారు. దాన్నే నేను మొహమాటపు సరే అంటాను. మన దగ్గర రిఫరెన్సులు చెడేది ఎక్కువగా దీనివల్లే. ఎవరో పగబట్టి చెడ్డగా చెప్పిన కాల్స్ నా అనుభవంలో చాలా తక్కువ. కానీ కాదనలేక ఒప్పుకున్న మనిషితో మాట్లాడిన కాల్స్‌కు లెక్కలేదు.

అలాంటి కాల్ ఎలా ఉంటుందంటే, అభ్యర్థి పేరు చెప్పగానే ఒక క్షణం నిశ్శబ్దం. “ఆ... ఆ, గుర్తుంది.” ఏ పనుల్లో బలం అని అడిగితే “అన్నీ బాగానే చేసేవాడండి.” ఒక ఉదాహరణ చెప్పమంటే “చాలా రోజులైంది కదా.” మళ్లీ అవకాశం వస్తే మీ టీమ్‌లోకి తీసుకుంటారా అని అడిగితే “తీసుకోవచ్చు” అంటారు. “తీసుకుంటాను” అనరు. ఆ తేడా ఫోన్ చేసినవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఈ కాల్‌లో ఒక్క చెడ్డ మాట కూడా లేదు. అయినా నేను ఫైల్‌లో ‘మేనేజర్ ఆసక్తిగా మాట్లాడలేదు, వివరాలు లేవు’ అని రాసేదాన్ని. ఇద్దరు సమానంగా ఉన్నప్పుడు ఆ ఒక్క లైన్ చాలు. అభ్యర్థికి మాత్రం ఏం జరిగిందో ఎప్పటికీ తెలియదు.

అందుకే కాదనడం సులువు చేయడాన్ని నేను మర్యాదగా మాత్రమే చూడను. ‘కాదు’ అనడానికి దారి ఉన్నప్పుడే ‘సరే’ అన్న మాటను నమ్మొచ్చు.

ఆ రాత్రి ఫారం పంపలేదు. రిఫరెన్సులు శుక్రవారానికి ఇస్తానని హెచ్‌ఆర్‌కు ఒక లైన్ మెయిల్ పెట్టించాను. వాళ్లు వెంటనే సరేనన్నారు. ఈ గడువు అడగడానికి చాలామంది భయపడతారు కానీ, రెండు మూడు రోజులు ఆగమంటే ఆఫర్ పోయిన సందర్భం నేను చూడలేదు.

తర్వాత ఎవరిని అడగాలన్నది తేల్చుకోవాలి. ఆమె ఫారంలో రాసింది ఆ యూనిట్ క్వాలిటీ హెడ్ పేరు. పెద్ద హోదా కాబట్టి బరువుంటుందని ఆమె లెక్క. ఆయన దగ్గరికి నెలకు ఒకటి రెండుసార్లు రిపోర్టులు తీసుకెళ్లేది, అంతే. రోజూ పని చూసింది ఐపీక్యూఏ సెక్షన్ మేనేజర్. ఆయన పేరు ఎత్తగానే ఆమె ముఖం మారింది. కాసేపయ్యాక చెప్పింది. 2021లో పెద్ద ఆడిట్ ఒకటి నెల రోజుల్లో ఉందనగా రిజైన్ చేసిందట. నాన్నగారికి ఆపరేషన్, హైదరాబాద్‌లో ఉండాల్సిన అవసరం. ఆయన ఏమీ అనలేదు కానీ చివరి రెండు వారాలు సరిగ్గా మాట్లాడలేదట. ఆ తర్వాత పండుగలకు శుభాకాంక్షలు పంపుకోవడం మినహా మాటల్లేవు.

“అయితే ఆయన్నే అడుగుదాం” అన్నాను. హోదా ఉన్న మనిషి దగ్గర చెప్పడానికి విషయం లేకపోతే అది పైన చెప్పిన కాల్ లాగే సాగుతుంది. సెక్షన్ మేనేజర్ దగ్గర విషయం ఉంది. మనసులో కష్టం ఉందో లేదో తెలియదు, అది తెలుసుకోవాలంటే కాదనే వీలు నిజంగా ఇచ్చి అడగాల్సిందే. కష్టం ఉంటే ఆ సంగతి ఆమెకు తెలియాలి గానీ పరవాడ హెచ్‌ఆర్‌కు తెలియకూడదు.

అడిగే ముందు ఇంకో పని చేశాం. ప్రత్యామ్నాయంగా రెండు పేర్లు రాసుకున్నాం. ఒకరు జడ్చర్లలోనే డాక్యుమెంటేషన్ చూసిన సీనియర్ మేడమ్. ఇంకొకరు ఇప్పటి కంపెనీలో మొన్నటిదాకా ఆమెకు పైన ఉండి, వేరేచోటికి వెళ్లిపోయిన డిప్యూటీ మేనేజర్. ఈ పేర్లు లేకుండా “కుదరకపోతే పర్వాలేదు సర్” అని రాస్తే అది ఉత్త మాటే అవుతుంది. చదివేవాళ్లు దాన్ని పసిగట్టేస్తారు.

మంగళవారం, 8వ తేదీన ఆమె పంపిన మెసేజ్ ఇది. అసలుది ఇంగ్లీషులో ఉంది. విషయం మారకుండా తెలుగులో ఇస్తున్నాను.

“నమస్తే సర్. 2018 నుంచి 2021 వరకు జడ్చర్లలో మీ ఐపీక్యూఏ టీమ్‌లో, కంప్రెషన్ సెక్షన్‌లో చేశాను. ఒక విషయం అడగాలని రాస్తున్నాను. పరవాడలో ఒక ఫార్ములేషన్ యూనిట్‌లో క్యూఏ అసిస్టెంట్ మేనేజర్ పోస్టుకు చివరి రౌండ్ పూర్తయింది. ఫ్లోర్ మీద క్యూఏ చూడటం, డీవియేషన్లు విచారించడం, ఆడిట్లకు సిద్ధం చేయడం ముఖ్యమైన పనులు. కింద ఆరుగురు ఉంటారు. నా పాత రిపోర్టింగ్ మేనేజర్‌తో ఫోన్‌లో ఓ పదిహేను నిమిషాలు మాట్లాడతామంటున్నారు. కాల్ 14 నుంచి 18 మధ్య ఉంటుంది. మీ పేరు ఇవ్వవచ్చా సర్?

మీకు తీరిక లేకపోయినా, మీ కంపెనీ ఒప్పుకోకపోయినా, ఈ పనికి నా గురించి చెప్పేంత లేదనిపించినా, ‘ఈసారి కుదరదు’ అంటే చాలు. కారణం చెప్పనక్కర్లేదు. అడగగలిగినవాళ్లు నాకు ఇంకో ఇద్దరున్నారు. గురువారం సాయంత్రంలోగా మీ నుంచి ఏమీ రాకపోతే కుదరలేదనుకుని వాళ్లలో ఒకరి పేరు ఇస్తాను. మీరు సరే అనేదాకా మీ నంబర్ ఎవరికీ ఇవ్వను.”

మొదటి పేరాలో ఉద్యోగం వివరాలు ఎందుకంటే, ఆయన ‘ఈ అమ్మాయి మంచిదా కాదా’ అని ఆలోచించకూడదు. ‘ఈ పని గురించి నేను చెప్పగలనా’ అని ఆలోచించాలి. మొదటి ప్రశ్నకు మొహమాటంతోనే జవాబొస్తుంది. రెండోదానికి నిజాయితీగా ‘లేదు’ అనొచ్చు, ఎవరికీ నొప్పి ఉండదు. జాబ్ డిస్క్రిప్షన్ రెండు పేజీలు అప్పుడే జత చేస్తానంది, వద్దన్నాను. ఒప్పుకోకముందే ఫైల్ వస్తే పని నెత్తిన పెట్టేసినట్టుంటుంది. నాలుగు లైన్లు చాలు.

రెండో పేరాలో ముఖ్యమైనది గురువారం లైన్. మామూలుగా అయితే మనవాళ్లు కాదని రాయడానికి ఇబ్బంది పడతారు. “చూద్దాం” అంటారు, లేదా మెసేజ్ చూసి ఊరుకుంటారు. ఇవతలివాళ్లేమో ఆ మౌనాన్ని అర్ధాంగీకారం అనుకుని పేరు ఇచ్చేస్తారు. ఈ మెసేజ్‌లో అది తిరగబడింది. ఊరుకుంటే కాదన్నట్టే. ఆయన ఒక్క అక్షరం కూడా టైప్ చేయకుండా తప్పుకోవచ్చు. ‘సరే’ అనాలంటేనే కదలాలి. అలా కదిలి వచ్చిన సరేకు విలువుంటుంది. ఫోన్ చేసి అడగకుండా రాసి అడగమనడం కూడా ఇందుకే. ఫోన్‌లో గొంతు వింటూ కాదనడం ఎవరికైనా కష్టం.

బుధవారం ఏమీ రాలేదు. నీలం టిక్కులు మాత్రం పడ్డాయి. ఆమె టెన్షన్‌తో నాకు రెండుసార్లు ఫోన్ చేసింది, “ఒకసారి గుర్తు చేయనా మేడమ్?” అని. వద్దన్నాను. గుర్తు చేస్తే మనం ఇచ్చిన వెసులుబాటును మనమే లాగేసుకున్నట్టు.

గురువారం నాలుగు గంటలకు ఆయనే ఫోన్ చేశారు. ఆమె ఆ రాత్రే నాకు మాటలన్నీ అప్పజెప్పింది.

“ఫ్లోర్ మీద పని గురించి ఎంతసేపైనా చెప్తానమ్మా. కానీ కింద ఆరుగురన్నావు. నా దగ్గర ఉన్నప్పుడు నీ కింద ఎవరూ లేరు. మనుషుల్ని ఎలా నడిపిస్తావని అడిగితే నేను చూడలేదనే చెప్పాలి.”

“అలాగే చెప్పండి సర్.”

“ఇంకోటి. ఆడిట్ ముందు వెళ్లిపోయావు. ఎందుకు మానేసిందని అడుగుతారు వాళ్లు. నేను దాచను.”

“దాచొద్దు సర్. నాన్నగారి ఆపరేషన్ అని అప్పుడు మీకు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇంటర్వ్యూలో కూడా అదే చెప్పాను.”

ఆయన కాసేపు ఆగి, “ఆపరేషన్ అని నాకు తెలియదమ్మా” అన్నారట.

నేను కోరుకునే సరే ఇలాంటిది. ఏది చెప్పగలరో, ఏది చెప్పలేరో ముందే తేలిపోయింది. మనుషుల్ని నడిపించిన సంగతి ఆయన చెప్పలేరు కాబట్టి రెండో రిఫరెన్స్ దాన్ని చెప్పగలిగినవాళ్లే కావాలి. మానేసిన కారణం ఇద్దరి నోటా ఒకటే వస్తుంది. హెచ్‌ఆర్ ఎక్కువగా పట్టుకునేది ఈ తేడాలనే. అభ్యర్థి ఒక కారణం, మేనేజర్ ఇంకో కారణం చెబితే కారణం ఎంత మంచిదైనా అనుమానం మొదలవుతుంది.

ఆ రాత్రి ఆయనకు ఒక అరపేజీ నోట్ పంపింది. చేరిన తేదీ, మానేసిన తేదీ, అప్పటి హోదా, ఎంప్లాయీ కోడ్, కొత్త ఉద్యోగం జాబ్ డిస్క్రిప్షన్. వాటి కింద, ఆయన కళ్లెదుట జరిగిన రెండు సంఘటనలు. మొదటి డ్రాఫ్ట్‌లో ‘వివరాల మీద గట్టి శ్రద్ధ, టీమ్ స్పిరిట్’ అని రాసుకొచ్చింది. అవన్నీ కొట్టేయించాను. ఆయన ఏమనుకోవాలో మనం రాసివ్వకూడదు. అలా రాసిస్తే కాల్‌లో చదివినట్టే వినిపిస్తుంది. జరిగింది గుర్తు చేస్తే చాలు, అభిప్రాయం ఆయనది.

రాసిన వాటిలో ఒకటి చెబుతాను. 2019లో ఒక నైట్ షిఫ్ట్. కంప్రెషన్ మెషిన్ మీద కొత్త బ్యాచ్ మొదలైంది. బ్యాచ్ మొదలుపెట్టాలంటే ముందు లైన్ క్లియరెన్స్ కావాలి, అంటే పాత బ్యాచ్ తాలూకు మాత్ర గానీ పొడి గానీ కాగితం గానీ ఎక్కడా మిగల్లేదని చూసి సంతకం పెట్టాలి. ఆ సంతకం పక్కన టైమ్ 2:40. బ్యాచ్ రికార్డులో అంటించిన మాత్రల తూకం చీటీ మీద బ్యాలెన్స్ ప్రింట్ చేసిన టైమ్ 2:25. అంటే అనుమతికి పావుగంట ముందే మాత్రలు తూచారు. ఆమె ముందు బ్యాలెన్స్ గడియారం తప్పేమోనని గోడ గడియారంతో పోల్చి చూసింది. సరిగ్గానే ఉంది. మెషిన్ ఆపించి, బ్యాచ్‌ను హోల్డ్‌లో పెట్టి, తెల్లవారుజామున మేనేజర్‌ను నిద్రలేపింది. ప్రొడక్షన్ వాళ్లు ఒక చిన్న దిద్దుబాటుతో పోనిద్దామన్నారు. ఆమె డీవియేషన్ రాసింది, అంటే పద్ధతి తప్పిందని రికార్డులోకి ఎక్కించింది.

ఆ నోట్‌లో ఇది ఐదు లైన్లే. ఆయన చదివి “ఇది నేను మర్చేపోయాను” అని జవాబిచ్చారు. ఇలాంటివి మేనేజర్లకు గుర్తుండకపోవడం సహజం. టీమ్‌లో పదిహేను ఇరవై మంది, ఏడాదికి ఎన్నో డీవియేషన్లు. గుర్తు చేయకపోతే “అన్నీ బాగానే చేసేది” అన్నదే మిగులుతుంది.

ఇక రెండో రిఫరెన్స్. ముందు సీనియర్ మేడమ్‌ను అడిగింది, అదే పద్ధతిలో. పావుగంటలో “ఈసారి వద్దులేమ్మా, ఏమనుకోకు” అని వచ్చింది. ఆమె కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేసింది. ఎందుకన్నారో అడగాలని ఉందంది. కారణం అక్కర్లేదని మనమే రాశాం కదా, ఇప్పుడు అడిగితే ఆ మాట అబద్ధమవుతుందన్నాను. “చెప్పినందుకు థాంక్స్ మేడమ్, ఏమీ అనుకోలేదు. ఆరోగ్యం జాగ్రత్త” అని పంపి అక్కడితో ఆపేసింది. ఆ కారణం నాకూ తెలియదు. తెలుసుకోవాల్సిన పనీ లేదు. ఆ మాట ఫోన్ కాల్‌లో కాకుండా మెసేజ్‌లో బయటపడింది, అదే మేలు.

డిప్యూటీ మేనేజర్ ఒప్పుకున్నారు. పైగా ఆయన చూసిన రెండేళ్లలో ఆమె కింద నలుగురు పనిచేశారు. జడ్చర్ల సర్ చెప్పలేనన్న భాగం ఈయన చెప్పగలరు. ఇద్దరిలో ఎవరు ఏది చూశారో ఆమె హెచ్‌ఆర్‌కు మెయిల్‌లో రెండు లైన్లు రాసింది. ఇలా రాస్తే ఫోన్ చేసేవాళ్లు సరైన మనిషిని సరైన ప్రశ్న అడుగుతారు. అభ్యర్థులు ఇది ఎందుకు రాయరో నాకెప్పుడూ అర్థం కాదు.

ఒకచోట మాత్రం చిక్కు వచ్చింది. ఫారంలో రిఫరెన్స్ ఆఫీస్ మెయిల్ ఐడీ అడిగారు, జీమెయిల్ ఒప్పుకోలేదు. ఎవరైనా ఒక జీమెయిల్ సృష్టించి మేనేజర్ పేరుతో జవాబివ్వవచ్చు కాబట్టి వాళ్ల జాగ్రత్త సబబే. కానీ జడ్చర్ల సర్ 2023లో కంపెనీ మారారు. ఇప్పటి ఆఫీస్ మెయిల్ నుంచి పాత కంపెనీ మనిషి గురించి రాయడం ఆయనకు ఇష్టం లేదు. ఆమె ఆయన్ని మళ్లీ ఒత్తిడి చేయబోయింది, నేనే ఆపాను. ఆయన ఒప్పుకున్నది ఫోన్‌కు, మెయిల్‌కు కాదు. ఉన్న సంగతి హెచ్‌ఆర్‌కే చెప్పించాను. వాళ్లు పాత ఉద్యోగం తేదీలను రిలీవింగ్ లెటర్‌తో, ఈపీఎఫ్‌ఓ సర్వీస్ హిస్టరీతో సరిచూసుకుని, ఆయనతో ఫోన్‌లో మాట్లాడటానికి ఒప్పుకున్నారు. అన్ని కంపెనీలూ ఇలా ఒప్పుకోవు. బయటి వెరిఫికేషన్ ఏజెన్సీ చేతిలో ఉంటే నియమం నియమమే. అప్పుడు ఆఫీస్ మెయిల్ ఇవ్వగలిగిన వేరే మనిషిని చూసుకోవాలి. అందుకే ఇప్పుడు నేను అడిగించే మొదటి మెసేజ్‌లోనే ‘ఫోన్ మాత్రమేనా, ఆఫీస్ మెయిల్‌కు ఫారం కూడా వస్తుందా’ అన్నది తెలుసుకుని రాయిస్తున్నాను. ఈ కేసులో అది నేను ముందే చూసి ఉండాల్సింది.

కాల్ 16వ తేదీన జరిగింది. పదిహేను నిమిషాలన్నది అరగంట పట్టిందని సర్ తర్వాత చెప్పారు. నైట్ షిఫ్ట్ చీటీ సంగతి అడిగి మరీ చెప్పించుకున్నారట. మనుషుల్ని నడిపించడం గురించి అడిగితే, తాను చూడలేదని, ఆ ప్రశ్న రెండో ఆయన్ని అడగమని చెప్పారట. ఎందుకు మానేసిందన్నదానికి “ఇంట్లో ఆపరేషన్. మాకు అప్పుడు ఇబ్బందయింది, కానీ చార్జ్ మొత్తం అప్పజెప్పే వెళ్లింది” అన్నారు. ఆ చివరి ముక్క ఆమె అడిగింది కాదు, నోట్‌లో రాసిందీ కాదు.

నెలాఖరులో ఆఫర్ లెటర్ వచ్చింది. లింక్డిన్‌లో పెట్టే ముందు ఇద్దరికీ తనే ఫోన్ చేసి చెప్పింది. సీనియర్ మేడమ్‌కు మాత్రం రిఫరెన్స్ ఊసెత్తకుండా, పరవాడలో చేరుతున్నానని ఒక మెసేజ్ పెట్టింది. అటు నుంచి వెంటనే ఫోన్ వచ్చింది. వైజాగ్‌లో ఇల్లు ఎక్కడ చూసుకుంటున్నావు, గాజువాక వైపైతే కంపెనీ బస్సుకు దగ్గర, మా చెల్లెలు అక్కడే ఉంటుంది, నంబర్ పంపుతాను అంటూ ఇరవై నిమిషాలు మాట్లాడారట.